ఎర్ర సిరా గడికి జవాబు

వియత్నాం బడిలో పరీక్ష రాసే కాగితం పైభాగాన రెండు గడులు గీసి ఉంటాయి. ఎడమవైపు చిన్న గడి మార్కులకి. కుడివైపు పెద్ద గడి టీచరు మాటకి. దాన్ని 'లోయ్ ఫే' అంటారు, అంటే దిద్దినవారు రాసే నాలుగు ముక్కలు. మార్కులు పదికి వేస్తారు. ఆ పక్కనే ఎర్ర సిరాతో "ఇంకా శ్రద్ధ పెట్టాలి" అనో, "లెక్క సరే, చేతిరాత చూసుకో" అనో రాస్తారు. ఆ రంగు పిల్లలది కాదు. పిల్లలు నీలంతోనో ఊదాతోనో రాయాలి. ఊదా సిరా అంటే అక్కడ చదువుకునే రోజులకి గుర్తు. పరీక్షలో విద్యార్థి ఎర్ర సిరా వాడటానికి వీల్లేదు.

పన్నెండేళ్ళపాటు ఆ పెద్ద గడిలో ఒకవైపు నుంచే మాట నడుస్తుంది. టీచరు రాస్తారు, పిల్లలు చదువుకుంటారు. పన్నెండో తరగతి అయిపోయేటప్పుడు పిల్లలు రాసే కృతజ్ఞత ఉత్తరాన్ని నేను ఆ గడికి జవాబుగా చూస్తాను. మే నెలాఖరులో బడి ఆవరణలో తురాయి చెట్లు ఎర్రగా పూసి, ఇలకోళ్ళ రొద చెవులు గింగురుమనిపించే రోజుల్లో ఈ ఉత్తరాలు రాస్తారు. మన ఊళ్ళలో వేసవిలో పూసే ఎర్ర తురాయే అది. వాళ్ళు దాన్ని 'బడిపిల్లల పువ్వు' అంటారు, ఎందుకంటే అది పూసిందంటే బడి మూసే రోజులు వచ్చినట్టే. పన్నెండో తరగతి వాళ్ళ కోసం చాలా బళ్ళలో ఆ నెలలో ఒక సభ జరుపుతారు. పెద్దవాళ్ళయిన పిల్లలు టీచర్లకీ తల్లిదండ్రులకీ కృతజ్ఞత చెప్పుకునే సభ అది. తెల్ల చొక్కాల మీద ఒకరి పేర్లు ఒకరు రాసుకుంటారు, జ్ఞాపకాల పుస్తకాలు చేతులు మారుతాయి. ఆ హడావిడిలోనే ఒక మడతపెట్టిన కాగితం టీచరు చేతికి చేరుతుంది.

పైకి చూస్తే అదొక మామూలు ఉత్తరం. అయితే వియత్నామీ భాషలో దాన్ని రాయడానికి కూర్చున్న పిల్లకి మొదటి వాక్యం కన్నా ముందే ఒక చిక్కు ఎదురవుతుంది. 'నేను' అనడానికి ఏ మాట వాడాలి?

మనకి 'నేను' ఒక్కటే. అమ్మతో అన్నా, కలెక్టరుతో అన్నా అదే నేను. ఎదుటివాళ్ళని బట్టి మారేది నువ్వు, మీరు మాత్రమే. వియత్నామీలో ఆ సదుపాయం లేదు. 'తోయ్' అని ఒక మాట ఉంది కానీ అది కొత్తవాళ్ళతో, సమావేశాల్లో వాడేది. ఒకప్పుడు సేవకుడు అనే అర్థం ఉన్న మాట, ఇప్పుడు దూరాన్ని సూచిస్తుంది. తన టీచరుకి రాసే ఉత్తరంలో ఏ పిల్లయినా 'తోయ్' అని రాస్తే తలుపు వేసి మాట్లాడినట్టు ఉంటుంది. అందుకని అక్కడ ఎవరికి వాళ్ళు చుట్టరికపు పేరు పెట్టుకుని మాట్లాడతారు. తమ్ముడు వెళ్తున్నాడు, అక్క తింటోందా, ఈ బిడ్డకి ఆకలేస్తోంది, ఇదీ వరస. తమ్ముడన్నా బిడ్డన్నా మాట్లాడుతున్నవాళ్ళే, అక్క అంటే ఎదుటివాళ్ళే.

ఆడ టీచరుని 'కో' అంటారు. ఆ మాటకి మేనత్త అని అర్థం. మగ టీచరు 'థయ్'. ఉత్తరాది పల్లెల్లో ఒకప్పుడు నాన్నని కూడా థయ్ అనే పిలిచేవారు. విద్యార్థి తన్ను తాను 'ఎమ్' అనుకుంటాడు, అంటే తమ్ముడో చెల్లెలో. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఎదుటి మనిషి మేనత్త, మాట్లాడేది చెల్లెలు! ఇంట్లో అయితే ఈ వరస కుదరదు. అత్త దగ్గర చెల్లెలు ఎలా అవుతుంది? బడిలో మాత్రమే ఈ రెండు మాటలు జతగా నడుస్తాయి. బడికంటూ ఒక సొంత చుట్టరికం ఉందన్నమాట, రక్తసంబంధాల పట్టికలో ఎక్కడా ఇమడనిది.

దక్షిణాదిలో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. అది 'కాన్', అంటే బిడ్డ. అమ్మానాన్నల దగ్గర పిల్లలు తమని తాము పిలుచుకునే మాటే ఇది. చిన్న తరగతుల్లో అన్ని చోట్లా వాడతారు. పెద్ద తరగతులకి వచ్చేసరికి చాలామంది ఎమ్‌లోకి మారిపోతారు కానీ, దక్షిణాన కాస్త వయసున్న టీచర్ల దగ్గర కాన్ అలాగే నిలిచి ఉంటుంది. ఇరవై అయిదేళ్ళ కొత్త టీచరుని పట్టుకుని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు 'ఈ బిడ్డ' అంటే ఇద్దరికీ ఇబ్బందే. అదే యాభై దాటిన టీచరు దగ్గర ఆ మాట ఒళ్ళో తల పెట్టుకున్నట్టు ఉంటుంది. అందుకని, ఎమ్ అని రాయాలా కాన్ అని రాయాలా అన్నది తేల్చుకోవడంలోనే ఉత్తరం సగం రాసినట్టు. కృతజ్ఞత అక్కడే మొదలవుతుంది.

ఇదంతా ఒక ఉత్తరంలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది ఎవరో రాసినది కాదు. అక్కడి పిల్లలు రాసే తీరుని పట్టుకుని నేను కూర్చినది. చోటు మెకాంగ్ నది డెల్టాలోని కన్ థో నగరం. రాసేది పన్నెండో తరగతి అమ్మాయి. తల్లి కై రాంగ్ తేలే సంతలో పడవ మీద కూరగాయలు అమ్ముతుంది. ఆ సంత తెల్లవారకముందే మొదలై, ఎండ ఎక్కేసరికి పలచబడిపోతుంది. ఉత్తరం అందుకునేది ఆ అమ్మాయి తరగతి బాధ్యత చూసే లెక్కల టీచరు. ఇలాంటి టీచరుని 'చు ఞియెమ్' అంటారు. తన పాఠం చెప్పడంతో వాళ్ళ పని తీరదు. నలభై అయిదు మందికి మించకూడని ఆ తరగతికి ఇంటిపెద్దలాంటివాళ్ళు. ప్రతి పీరియడ్లో తరగతి ఎలా ఉందో నమోదు చేసే పుస్తకాన్ని వారం చివర ముందేసుకుని, ఎవరు ఆలస్యమయ్యారో, ఎవరు నిద్రపోయారో అడిగేది వాళ్ళే. తల్లిదండ్రుల్ని పిలిపించేదీ వాళ్ళే. చాలాచోట్ల పదో తరగతిలో చేపట్టిన టీచరే పన్నెండు దాకా తోడు వస్తారు. అందుకే ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా చు ఞియెమ్‌కే చేరతాయి.

ఉత్తరం ఇది:

"కన్ థో, 24వ రోజు, 5వ నెల, 2025వ సంవత్సరం

గౌరవనీయులూ ప్రియమైనవారూ అయిన టీచరుగారికి,

ముందుగా మీరు ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నానండి.

పదకొండో తరగతి మొదటి టర్ములో నాకు లెక్కల్లో 3.5 వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మార్కు పక్కన మీరు 'చివరి రెండు మెట్లూ సరిగ్గా చేశావు, తప్పు మొదటి మెట్టులో ఉంది, అక్కడి నుంచి మళ్ళీ చేసి చూపించు' అని రాశారు. ఆ మార్కు చూసి ఏడుద్దామనుకున్నాను. మీ మాట చదివాక కూర్చుని మళ్ళీ చేశాను. ఒక గుర్తు తప్పు వేశాను, అంతే.

మీకు ఒక క్షమాపణ చెప్పుకోవాలి. పొద్దున ఆలస్యమైనప్పుడల్లా సైకిలు టైరు పంక్చరైందని చెప్పేదాన్ని. అది అబద్ధమండి. అమ్మతో సంతకి వెళ్ళేదాన్ని. మీరు ఒక్కసారి కూడా నన్ను తరగతి ముందు నిలబెట్టి అడగలేదు. ఒకరోజు గేటు దగ్గర 'ఇవాళ గుమ్మడికాయలు బాగా పోయాయా?' అని మాత్రం అడిగారు. మీకు ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలీదు. ఆ రోజు నుంచి మళ్ళీ టైరు మాట చెప్పలేదు.

మేము అల్లరివాళ్ళం. పీరియడ్ల పుస్తకంలో మా తరగతి పేరు చెడిపోయిన వారాల్లో మీ గొంతు బొంగురుపోయేది. మమ్మల్ని క్షమించండి.

వచ్చే నెల పరీక్ష అయ్యాక ఎవరి దారిన వాళ్ళం వెళ్తాము. మెట్ల పక్కన మనం అందరం కలిసి నాటిన బొగడబంతి మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళు ఉండరేమోనని దిగులుగా ఉంది. మీరు ఎప్పుడూ ఆరోగ్యంగా, సంతోషంగా ఉండాలి. ఈ బిడ్డ మీకు రుణపడి ఉందండి.

మీ శిష్యురాలు, 12ఏ5"

తెలుగులోకి తెచ్చేసరికి దీనిలో చాలా జారిపోయింది. ఏం జారిందో చెప్పడమే నాకు ఇక్కడ ముఖ్యం.

మొదటి పంక్తిలో పడేది ఊరి పేరు, తేదీ. కాగితంలో కుడివైపు పైన రాస్తారు. రోజు, నెల, సంవత్సరం ఈ వరసలోనే ఉంటాయి. ఆ తర్వాత సంబోధన. 'కో కిన్ మేన్' అంటారు. కిన్ అంటే గౌరవం, మేన్ అంటే ఇష్టం. రెండూ పక్కపక్కన ఉండాలి. గౌరవం ఒక్కటే పెడితే ఆఫీసు దరఖాస్తు అవుతుంది. పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. స్నేహితులకి రాసే ఉత్తరాల్లో 'థన్ మేన్' అని అలవాటు, అంటే దగ్గరి ఇష్టం. అలవాటు కొద్దీ అదే టీచరుకీ రాసేస్తారు. దానివల్ల గౌరవం తొలగిపోయి, టీచరు తోటివాళ్ళలో ఒకరైపోతారు. చదివే టీచరు నవ్వుకుని వదిలేయవచ్చు, కానీ కన్ను మాత్రం ముందుగా అక్కడే ఆగుతుంది.

ఇక లోపలి సంగతి. తెలుగులో 'మళ్ళీ చేశాను' అంటే చేసింది నేనే అని క్రియలోనే ఉంది. వియత్నామీ క్రియకి అలాంటి తోక ఉండదు. చేశాను, చేశావు, చేశారు అన్నింటికీ ఒకటే రూపం. కాబట్టి ఎవరు చేశారో ప్రతిసారీ చెప్పాలి. పై ఉత్తరంలో మనం 'మీరు అడిగారు' అన్న చోటల్లా అక్కడ 'అత్త చెల్లెల్ని అడిగింది' అని ఉంటుంది. 'మీ మాట చదివాక నేను కూర్చున్నాను' అన్నది 'అత్త మాట చదివాక చెల్లెలు కూర్చుంది' అవుతుంది. పేజీ మొత్తం మీద ఆ రెండు మాటలూ, కో, ఎమ్, కో, ఎమ్ అని దారాల్లా అల్లుకుపోతాయి. అవి తీసేసి రాయవచ్చు కదా, అర్థం తెలుస్తూనే ఉంటుంది కదా అని మనకి అనిపిస్తుంది. తీసేస్తే అది మర్యాద తప్పడమే. వరస పెట్టకుండా మాట్లాడటాన్ని వాళ్ళు 'ఖాళీగా మాట్లాడటం' అంటారు. పిల్లలకి చిన్నప్పటి నుంచీ ఇంట్లో పడే చీవాట్లలో ఇదొకటి. 'తిన్నాను' అని ఊరుకోకూడదు, 'బిడ్డ తినేసిందమ్మా' అనాలి.

వాక్యం చివర 'ఆ' అని చిన్నగా తుంచి పలికే ఒక శబ్దం ఉంటుంది. దానికి సొంత అర్థమేమీ లేదు. మన 'అండి' చేసే పనే అది చేస్తుంది. అందుకే నేను తెలుగులో అక్కడక్కడ అండి పెట్టాను. ఉత్తరమంతా పెట్టకూడదు. క్షమాపణ దగ్గరా, చివరి వాక్యం దగ్గరా పెడితే చాలు. ప్రతి వాక్యానికీ పెడితే మనకి ప్రతి ముక్కకీ అండి తగిలించినట్టే విసుగ్గా ఉంటుంది.

మాటల్లో అన్నిటికన్నా నాకు నచ్చినది వేరే ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తేలేరు, తెలుగులోకి మాత్రం ఇట్టే వస్తుంది. ఉత్తరంలో ఆ అమ్మాయి 'మేము అల్లరివాళ్ళం' అంది. తర్వాత 'మనం కలిసి నాటిన మొక్కలు' అంది. వియత్నామీలో మొదటిది 'చుంగ్ ఎమ్', మీరు కాక మేము. ఆ అల్లరిలో టీచరు లేరు కాబట్టి మేము. ఉత్తరం నడిచేదంతా ఈ మేముతోనే. మొక్కల దగ్గరికి వచ్చేసరికి 'కో ట్రో మిన్' అని మారుతుంది, అంటే అత్తా శిష్యులూ కలిసిన మనం. ఇంగ్లీషువాళ్ళకి రెండూ ఒకటే మాట. మనకీ వాళ్ళకీ మాత్రం ఆ మలుపు చెవికి తెలుస్తుంది. ఉత్తరంలో 'మనం' ఒక్కచోటే ఉంటే బాగుంటుంది. ఎక్కువసార్లు వస్తే చనువు పెరిగిపోతుంది. ఎక్కడా రాకపోతే మూడేళ్ళూ ఇద్దరూ గోడకి చెరోవైపు ఉన్నట్టు ఉంటుంది.

అలాగే చివరి వాక్యంలో 'ఈ బిడ్డ' అని ఎందుకు మారిందో కూడా చూడాలి. అంతదాకా ఎమ్, అక్కడ ఒక్కసారి కాన్. టీచరు మొదటి రోజు నుంచీ ఆ అమ్మాయిని 'కాన్' అనే పిలిచి ఉండవచ్చు, అమ్మాయి మాత్రం బిడియంతో ఎమ్ అనే బదులిచ్చి ఉండవచ్చు. వెళ్ళిపోయేముందు ఆ పిలుపుని ఒప్పుకుంది. ఇది కావాలని చేసినప్పుడే పనిచేస్తుంది. పేజీలో పైన కాన్, మధ్యలో ఎమ్, కింద మళ్ళీ కాన్ అని కలగాపులగంగా ఉంటే దాన్ని తప్పుగానే చదువుతారు, పిల్లకి వరసలు రావని అనుకుంటారు. మార్పు ఒక్కచోటే, చివర్లోనే ఉందంటే అది మనసులో అనుకుని రాసినదని తెలిసిపోతుంది.

ఇక కృతజ్ఞత అనే మాట సంగతి. రోజూ వాడేది 'కామ్ అన్'. ఇది చైనా నుంచి వచ్చిన మాట, మేలుని మనసుకి తెచ్చుకోవడం అని అర్థం. దానికి ముందు 'సిన్' చేరుస్తారు, అంటే అనుమతి కోరడం. 'మీకు కృతజ్ఞత చెప్పుకోవడానికి అనుమతి ఇవ్వండి' అన్నట్టు. దీనికన్నా లోతైన మాట 'బియెత్ అన్'. బియెత్ అంటే తెలియడం, అన్ అంటే పొందిన మేలు. మేలుని తెలుసుకుని ఉండటం. ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను, ఎందుకంటే మన కృతజ్ఞత కూడా అచ్చంగా అదే. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. చేసిన మేలు ఎరిగి ఉండటం. ఒకటి సంస్కృతం నుంచి వచ్చింది, ఇంకొకటి చైనా దారిలో పెరిగింది. రెండూ 'తెలియడం' అన్న చోటే కలిశాయి.

'అన్' అనే ఆ మాటని వాళ్ళు అందరికీ ఒకేలా పంచరు. నాన్న పడిన శ్రమకి ఒక మాట, అమ్మ చూపిన మమతకి ఇంకో మాట, గురువు చేసిన మేలుకి 'అన్'. మూడూ కలిపి ఒక్క జాతీయంలా వాడతారు. టెట్ పండుగలోనూ ఇదే పద్ధతి. చాంద్రమాన సంవత్సరాది మొదటి రోజు నాన్న వైపు వాళ్ళకి, రెండో రోజు అమ్మ వైపు వాళ్ళకి, మూడో రోజు గురువుకి అని సామెతలాగా చెప్పుకుంటారు. తర్వాత 1982లో ప్రభుత్వం నవంబరు 20ని టీచర్ల రోజుగా నిర్ణయించింది. ఆ రోజు పూలదుకాణాలు కిటకిటలాడతాయి. కానీ నవంబరు 20న రాసే కార్డుకీ మే నెల ఉత్తరానికీ తేడా ఉంది. నవంబరులో రాసే పిల్ల మళ్ళీ మర్నాడు అదే బెంచీలో కూర్చోవాలి, టీచరు చేతిలో ఇంకా మార్కులున్నాయి. మే నెలాఖరుకి ఏడాది మార్కులన్నీ వేసేసి ఉంటారు. జూన్ పరీక్ష దేశమంతటికీ ఒకటే, 2025లో అది 26, 27 తేదీల్లో జరిగింది, దాన్ని తన టీచరు ఒక్కరే దిద్దేది కాదు. ఉత్తరం వల్ల రాసినవాళ్ళకి వచ్చే లాభమేమీ లేదు. దాని విలువ అక్కడుంది.

ఇలాంటి ఉత్తరాన్ని పాడుచేసేది 'వాన్ మౌ', అంటే నమూనా వ్యాసం. వియత్నాం పిల్లలు సాహిత్యం పరీక్ష కోసం పుస్తకాల్లో అచ్చైన వ్యాసాల్ని కంఠస్థం చేయడం చాలాకాలంగా ఉన్న జబ్బు. విద్యామంత్రి కూడా 2021లో ఇది పోవాలని బహిరంగంగా అన్నారు. 2025 పరీక్ష నుంచి సాహిత్యంలో పాఠ్యపుస్తకంలో లేని రచనలే ఇస్తున్నారు. కానీ ఉత్తరం రాయడానికి కూర్చోగానే కంఠస్థం చేసినవే కలంలోకి వస్తాయి. టీచరు పడవ నడిపే మనిషి, ఒక్కో ఏడూ ఒక్కో గుంపుని ఒడ్డు దాటించి తను వెనక్కి వెళ్తుంది. సుద్దపొడి రాలి జుట్టు నెరిసింది. తను కరిగి వెలుగునిచ్చే కొవ్వొత్తి. మనుషుల్ని మొక్కల్లా పెంచే పని. ఈ చివరిది హో చి మిన్ 1958లో టీచర్లతో అన్న మాట నుంచి వాడుకలోకి వచ్చింది.

వీటిని నేను తక్కువ చేయడం లేదు. పడవ పోలిక పుట్టిన చోట అది నిజం. కన్ థో దగ్గర హౌ నది మీద పెద్ద వంతెన 2010లో తెరిచేదాకా అటూ ఇటూ వెళ్ళాలంటే రేవులో పడవ ఎక్కవలసిందే. ఒడ్డు దాటించినవాళ్ళ మొహం మళ్ళీ గుర్తుండదన్న బాధ ఆ జనానికి తెలిసిన బాధ. ఆ అమ్మాయి పడవ సంతలో పెరిగినది కాబట్టి ఆ మాట రాసినా చెల్లుతుంది. రాయలేదు, గుమ్మడికాయల గురించి రాసింది. అదే మంచి పని. ఎందుకంటే పడవ గురించిన వాక్యాన్ని కోసి ఏ టీచరుకి ఇచ్చినా సరిపోతుంది. గుమ్మడికాయల వాక్యం ప్రపంచంలో ఒక్క టీచరుకే సరిపోతుంది. ఉత్తరం అరువుదా సొంతమా అని తేల్చడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. పేరు మూసి, చెప్పిన సబ్జెక్టు మూసి, ఇది పక్క తరగతి టీచరుకి ఇస్తే సరిపోతుందా అని చూస్తే తెలిసిపోతుంది.

క్షమాపణ కూడా ఈ ఉత్తరాల్లో తప్పకుండా ఉండే భాగం. దానికీ నమూనా ఉంది, 'మేము ఎన్నోసార్లు మీ మనసు కష్టపెట్టాము' అని. అది చదివిన టీచరుకి ఏ ఒక్క రోజూ గుర్తురాదు. పంక్చరైన టైరు అని రాస్తే గేటు దగ్గర నిలబడ్డ పొద్దున గుర్తొస్తుంది. తప్పు ఒప్పుకున్న చోటే ఆ టీచరు చేసిన మేలు ఏమిటో కూడా బయటపడుతుంది. ఆమె అబద్ధాన్ని పట్టుకుంది, పదిమందిలో పరువు తీయలేదు. 'మీరు మాకెంతో చేశారు' అని ఎన్ని పంక్తులు రాసినా ఇది చెప్పలేదు.

చేతిరాత గురించి ఒక మాట. వియత్నామీ రోమన్ అక్షరాల్లో రాస్తారు, దాని మీద స్వరం చెప్పే గుర్తులు అయిదు, గుర్తు లేకపోవడం ఆరో స్వరం. టైపు చేసే తొందరలో గుర్తులు వదిలేయడం పిల్లలకి అలవాటే, స్నేహితుల మధ్య చెల్లిపోతుంది. టీచరుకి రాసేటప్పుడు చెల్లదు. 'థయ్' అనే మాటలో అచ్చు మీద టోపీ ఉంటుంది, ఆ టోపీ పైన ఎడమకి వాలిన గీత ఉంటుంది. ఆ గీత పెడితే గురువు. మరిచిపోయి టోపీ ఒక్కటే పెడితే శవం. గీతని కుడికి వాల్చితే 'చూడటం' అవుతుంది. గౌరవంగా మొదలుపెట్టిన పంక్తి ఒక్క గీత వల్ల అలా అయిపోతే ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి! అందుకే చేత్తో రాసే పిల్లలు ముందు చిత్తుకాగితం మీద రాసి, గుర్తులు సరిచూసి, తర్వాత మంచి కాగితం మీదికి ఎక్కిస్తారు. చేతిరాత మనిషి నడతని చెబుతుందని అక్కడ ఒక నానుడి ఉంది. చిన్న తరగతుల్లో చదరపు గడుల పుస్తకంలో ఒక్కో అక్షరం ఎన్ని గడుల ఎత్తుండాలో నేర్పిస్తారు. అలా పెరిగినవాళ్ళకి ఈ ఒక్క కాగితం మీద కొట్టివేత కనిపిస్తే మనసొప్పదు.

రెండు చేతులతో ఇవ్వాలి, కొంచెం తల వంచాలి. కవరులో పెట్టాలా అంటే నాకైతే వద్దనిపిస్తుంది. అక్కడ 'ఫోంగ్ బి' అంటే కవరే, కానీ ఆ మాటకి లోపల డబ్బు పెట్టి ఇచ్చేది అన్న అర్థం కూడా స్థిరపడిపోయింది. అంటించిన కవరు ఇస్తే తీసుకునే టీచరు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మడతపెట్టిన కాగితం ఇస్తే ఆ అనుమానానికి చోటుండదు.

సంతకం దగ్గర 'హోక్ ట్రో' అని రాస్తారు. విద్యార్థి అనడానికి కాగితాల్లో వాడే మాట 'హోక్ సిన్', అది హాజరు పట్టీలో ఉండేది. ట్రో అంటే శిష్యరికం, గురువు లేకుండా ఆ మాట ఒంటరిగా నిలబడదు. కింద తరగతి పేరు తప్పకుండా రాస్తారు. ఒక్కో టీచరు ఏటా ఎన్నో తరగతుల్లో పాఠం చెబుతారు, ఒకే పేరు గల పిల్లలు చాలామంది ఉంటారు. 12ఏ5 అని చూడగానే ఏ గది, ఏ కిటికీ పక్క బెంచీ అన్నది తెలుస్తుంది.

ఆ గుర్తు అక్కడితో పోదు. టెట్ మూడో రోజున పాత విద్యార్థులు గుంపుగా టీచరు ఇంటికి వెళ్తారు. వాళ్ళలో కొందరికి అప్పటికే పిల్లలు పుట్టి ఉంటారు, కొందరు తామే టీచర్లయి ఉంటారు. బయట వాళ్ళని 'సార్' అనేవాళ్ళూ 'డాక్టరుగారూ' అనేవాళ్ళూ ఉంటారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టగానే 'నేను' అనడానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఒకటే మాట, బడి విడిచిన రోజు ఉత్తరంలో రాసిన మాట. జుట్టు నెరిసినవాడు కూడా ఆ గదిలో ఎమ్ అనే అంటాడు, ఏ తరగతివాడో ముందు చెప్పి ఆ తర్వాతే పేరు చెబుతాడు.